జేడ్ కడియం చేతికొచ్చాక: అది జేడైటా, నెఫ్రైటా, రంగు దానిదేనా, లోపల ప్లాస్టిక్ ఉందా?

ఒక ఆకుపచ్చ రాతి కడియం మీ చేతికొచ్చింది. ఇచ్చినవాళ్లు "ఒరిజినల్ జేడ్" అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దాన్నిబట్టి మీకు తెలిసేది చాలా తక్కువ. జేడ్ అనే పేరు రెండు వేర్వేరు ఖనిజాలకు వాడతారు. పైగా రాయి నిజమైనదే అయినా దాని రంగు రంగునీళ్లతో వచ్చి ఉండొచ్చు, దాని మెరుపు లోపల నింపిన ప్లాస్టిక్‌తో వచ్చి ఉండొచ్చు.

కాబట్టి మీరు అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఇది ఏ రాయి? రంగు దానిదేనా? లోపల ఏమైనా నింపారా? ఈ మూడింటినీ ఒకే పరీక్షతో తేల్చేద్దామని చూడటం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మొదటి ప్రశ్నకు జవాబిచ్చే తూకం మూడో ప్రశ్న గురించి దాదాపు ఏమీ చెప్పదు. రెండో ప్రశ్నకు పనికొచ్చే భూతద్దం మొదటిదానికి సగమే పనికొస్తుంది. అందుకని ఒక కడియాన్ని మొదటినుంచి చివరిదాకా పట్టుకుని వెళ్దాం. లేత ఆకుపచ్చ ఒళ్లు, అక్కడక్కడ ముదురు పచ్చ చారలు, నున్నగా, కాస్త వెలుగు లోపలికి దిగేలా ఉన్న కడియం.

ఇంట్లో చేయడానికి కావాల్సినవి నాలుగు: 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్, తెల్లటి ఎల్‌ఈడీ టార్చి, 365 నానోమీటర్ల యూవీ టార్చి. యూవీ టార్చి కొనేటప్పుడు అంకె చూసి కొనండి. చౌకగా దొరికే 395 నానోమీటర్ల టార్చిలో ఊదా కాంతి ఎక్కువగా కలిసి వస్తుంది. రాయి నిజంగా వెలుగుతోందా, టార్చి రంగే దానిమీద పడుతోందా అన్నది తెలియకుండా పోతుంది.

ముందు ఆ రెండు రాళ్ల సంగతి

1863 దాకా జేడ్ అంటే యూరప్ శాస్త్రవేత్తలకు ఒకటే రాయి. ఆ ఏడాది అలెక్సీ డామూర్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బర్మా నుంచి వచ్చిన జేడ్‌ను పరీక్షించి, అది అప్పటివరకు తెలిసిన జేడ్ కాదని, వేరే ఖనిజమని తేల్చాడు. దానికి జేడైట్ అని పేరు పెట్టాడు. పాతదానికి నెఫ్రైట్ అన్న పేరు నిలిచింది. అది గ్రీకులో కిడ్నీ అనే మాట నుంచి వచ్చింది. జేడ్ అన్న మాటకు మూలం స్పానిష్‌లో 'నడుము పక్క రాయి' అనే పదం. ఆ రాయి పెట్టుకుంటే కిడ్నీ నొప్పి తగ్గుతుందని ఒకప్పుడు నమ్మేవాళ్లు.

జేడైట్‌లో సోడియం, అల్యూమినియం ఉంటాయి. చిన్న చిన్న గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నట్టు ఉంటుంది దాని నిర్మాణం. నెఫ్రైట్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఉంటాయి. దాని నిర్మాణం గింజలుగా ఉండదు, సన్నని నారలు కంబళిలో ఉన్నిలా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. అందుకే గీత పడే విషయంలో జేడైట్ కాస్త గట్టిదైనా, సుత్తి దెబ్బకు పగలకుండా నిలబడటంలో నెఫ్రైటే మొండిది. ఈ గింజలు, నారల తేడాను గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే చాలా పరీక్షలు దీనిమీదే నడుస్తాయి. యాసిడ్ గింజల మధ్య సందుల్లోకి దూరుతుంది, రంగు ఆ సందుల్లోనే చేరుతుంది, ప్లాస్టిక్ కూడా అక్కడికే వెళ్తుంది. నెఫ్రైట్ నారల మధ్య అంత సందు ఉండదు. కాబట్టి యాసిడ్‌లో వేసి ప్లాస్టిక్ నింపే వ్యవహారం ప్రధానంగా జేడైట్‌దే. నెఫ్రైట్‌లో ఎక్కువగా కనిపించే మోసం వేరు: మామూలు ముక్కకు గోధుమరంగు పూసి, నదిలో దొరికిన గులకరాయి పైపొరలా చూపిస్తారు.

మొదటి మెట్టు: కడగడం

గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరబెట్టండి. ఇది మామూలు జాగ్రత్త అనుకుని వదిలేయకండి. చేతికి రాసుకునే క్రీములు, సన్‌స్క్రీన్ యూవీ కింద వింతగా కనిపిస్తాయి. జిడ్డు పొర ఉంటే లూప్‌లో సన్న గీతలన్నీ నిండిపోయి నున్నగా అనిపిస్తాయి. తూకంలో అయితే జిడ్డున్న రాయికి గాలి బుడగలు పట్టుకుంటాయి.

రెండో మెట్టు: నీళ్లలో తూకం

ఇంట్లో చేసే పరీక్షల్లో అంకెతో జవాబిచ్చేది ఇదొక్కటే. అందుకే కాసేపు ఇక్కడ ఆగుదాం. రాయి ఒక్కటే ఉండాలి. బంగారంలోనో వెండిలోనో పొదిగిన రాయికి ఇది పనికిరాదు.

ముందు కడియాన్ని పొడిగా తూచండి. మన కడియం 52.40 గ్రాములు తూగింది. ఇప్పుడు తూకం మీద నీళ్లున్న గ్లాసు పెట్టి, బటన్ నొక్కి అంకెను సున్నా చేయండి. మీ తూకం గ్లాసు, నీళ్లు కలిసిన బరువును, ఆపైన ఇంకొంచెం మోయగలదో లేదో ముందే చూసుకోండి, కొన్ని చిన్న తూకాలు 200 గ్రాములకే చేతులెత్తేస్తాయి. కడియాన్ని సన్నని దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించి, అడుగుకి గానీ అంచుకి గానీ తగలకుండా పట్టుకోండి. చేతితో పట్టుకుంటే అంకె ఆడుతూ ఉంటుంది. పక్కన ఏదైనా స్టాండు పెట్టి దానికి వేలాడదీయండి.

ఇప్పుడు తూకం చూపించేది కడియం బరువు కాదు. కడియం ఎంత నీటిని పక్కకు నెట్టిందో ఆ నీటి బరువు. నీళ్లు కడియాన్ని పైకి తోస్తాయి, అంతే బలంతో కడియం నీళ్లను కిందికి తోస్తుంది, ఆ తోపే తూకం మీద పడుతుంది. పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

మన కడియానికి మూడుసార్లు చేస్తే 16.05, 16.03, 16.06 వచ్చాయి. 52.40ని 16.05తో భాగిస్తే 3.26. మిగతా రెండు కూడా 3.26, 3.27 దగ్గరే ఆగాయి.

నెఫ్రైట్ సాంద్రత సుమారు 2.95. కాస్త అటూ ఇటూగా 2.90 నుంచి 3.03 వరకు ఉంటుంది. జేడైట్‌ది సుమారు 3.34, అది 3.25 నుంచి 3.40 వరకు పోవచ్చు. ఈ రెంటి మధ్య ఖాళీ పెద్దదే కాబట్టి మన కడియం నెఫ్రైట్ కాదని ఇక్కడే తేలిపోయింది. క్వార్ట్జ్ అయితే 2.65 వచ్చేది. జేడ్ పేరుతో బాగా తిరిగే సర్పెంటైన్ అయితే ఇంకా తక్కువ, 2.6 దగ్గర.

అలాగని జేడైటే అని రాసేసుకోవద్దు. హైడ్రోగ్రాస్యులర్ అనే గార్నెట్ జాతి రాయి, వెసువియనైట్ కూడా ఇదే అంకె దగ్గరకు వస్తాయి. నెఫ్రైట్ పక్కన ప్రీనైట్ అనే రాయి అలాగే నిలబడుతుంది. వీటిని విడదీయడానికి జెమాలజిస్టు దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. కాంతి ఎంత వంగుతుందో అది చూపిస్తుంది. జేడైట్‌కి 1.66 దగ్గర, నెఫ్రైట్‌కి 1.61 దగ్గర వస్తుంది. హైడ్రోగ్రాస్యులర్ 1.72కి పోతుంది. ఐదు నిమిషాల పని, రాయికి నష్టం లేదు. సాంద్రత సరిపోయాక ఈ ఒక్క అంకె కూడా సరిపోతే రాయి ఏదన్న ప్రశ్న దాదాపు ముగిసినట్టే.

తూకంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. ముదురు పచ్చ నెఫ్రైట్ లాకెట్ ఒకటి, 14.20 గ్రాములది, నిండా చెక్కడం. మొదటిసారి నీళ్లలో దించితే 4.95 చూపించింది. భాగిస్తే 2.87. నెఫ్రైట్‌కి తక్కువ. ఇది ప్రీనైట్ అనుకుని ఒక పూటంతా అదే నమ్మకంతో ఉన్నాను. తర్వాత టార్చి వేసి చూస్తే చెక్కడం గుంటల్లో గాలి బుడగలు వెండి పూసల్లా అతుక్కుని ఉన్నాయి. బుడగ కూడా నీటిని పక్కకు నెడుతుంది కదా, అందుకే అంకె పెరిగింది, సాంద్రత తగ్గింది. నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, బ్రష్‌తో బుడగలు వదిలించి మళ్లీ తూస్తే 4.80. భాగిస్తే 2.96, అచ్చంగా నెఫ్రైట్. అప్పటినుంచి మొదటి అంకెను నమ్మడం మానేశాను.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఉంగరంలోంచి తీసిన చిన్న రాయి, 2 గ్రాములదే అనుకోండి, 0.1 గ్రాము చూపే వంటింటి తూకం మీద పెడితే నీళ్లలో అంకె 0.6 రావచ్చు, 0.7 రావచ్చు. 0.6 అయితే 3.33, 0.7 అయితే 2.86. అంటే ఒకే రాయి ఒకసారి జేడైట్‌గా, ఒకసారి నెఫ్రైట్ కన్నా తేలికగా కనిపిస్తుంది. తప్పు రాయిది కాదు. చిన్న రాళ్లకు 0.01 తూకం తప్పనిసరి, అర గ్రాము రాయికి అదీ చాలదు.

మన కడియం విషయంలో మరో సంగతి మనసులో పెట్టుకోండి. 3.26 అనేది జేడైట్‌కి కింది అంచు. ప్లాస్టిక్ రాయి కన్నా చాలా తేలిక, నింపిన జేడైట్ సాంద్రత కాస్త తగ్గుతుంది. కానీ కలిసి ఉన్న వేరే ఖనిజాల వల్ల, పగుళ్ల వల్ల ముట్టుకోని జేడైట్ కూడా ఇంతే తూగొచ్చు. ఇది అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

మూడో మెట్టు: వెలుగు దాటించి చూడటం

గది చీకటి చేసి, టార్చిని కడియానికి వెనకవైపు ఆనించి, ముందు నుంచి లూప్‌తో చూడండి. లూప్‌ను కంటికి ఆనించి, రాయిని దగ్గరకు తెచ్చుకోవాలి. లూప్‌ను రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే సగమే కనిపిస్తుంది.

ఆకృతి మొదట చూడండి. జేడైట్‌లో గింజలు కనిపిస్తాయి. రాయిని కొంచెం అటూ ఇటూ తిప్పితే పైభాగంలో చిన్న చిన్న రేకులు తళుక్కుమని ఆరిపోతాయి. చైనా వ్యాపారులు వాటిని ఈగ రెక్కలు అంటారు, ఆ పేరు పెట్టినవాడికి నిజంగా కళ్లున్నాయి. నెఫ్రైట్‌లో ఈ తళుకు ఉండదు. నూనె రాసినట్టు మెత్తని మెరుపు ఉంటుంది, లోపల పొగమంచులా ఒకే తీరుగా ఉంటుంది. అయితే బాగా సన్న గింజ ఉన్న మేలురకం జేడైట్‌లో ఈగ రెక్కలు కనిపించవు. ఉంటే సాక్ష్యం, లేకపోతే ఏమీ కాదు. లోపల గుండ్రటి బుడగలు కనిపిస్తే మాత్రం గాజు అయి ఉంటుంది.

తర్వాత రంగు. ఇదే రెండో ప్రశ్న. జేడైట్‌లో మంచి పచ్చదనం క్రోమియం వల్ల వస్తుంది. ఆ రంగు గింజ లోపల ఉంటుంది. చారలా ఉన్నా, మచ్చలా ఉన్నా, అంచులో మెల్లగా పలచబడి కలిసిపోతుంది. అద్దిన రంగుకి గింజలోపలికి పోయే దారి లేదు. అది సందుల్లో, పగుళ్లలో నిలబడుతుంది. అందుకే వెలుగు దాటించి చూస్తే పచ్చని సాలెగూడులా, ఆకు ఈనెల్లా కనిపిస్తుంది: గీతలు ముదురు, మధ్య గింజలు పాలిపోయి. మన కడియంలో ముదురు పచ్చ చారలు అనుకున్నవి లూప్ కింద అవే అయ్యాయి. ఒక సన్న పగులు కడియం లోపలి వైపునుంచి పైకి వచ్చింది, దాని పొడవునా రంగు గట్టిపడి ఉంది, పక్కకు జరిగితే వెంటనే తేలిపోయింది.

చూసేటప్పుడు ముందువైపు అందాన్ని వదిలి లోపలి వైపు, లాకెట్ అయితే రంధ్రం చుట్టూ చూడండి. అక్కడ పాలిష్ తక్కువ, రంగు ఎక్కువ చేరుతుంది. లేత ఊదా జేడైట్‌కి కూడా రంగు వేస్తారు. ఆ రంగుకి ఈనెలు పచ్చరంగులో అంత స్పష్టంగా కనిపించవు, అందుకని ఊదా ముక్క విషయంలో కంటి తీర్పు మీద నాకు నమ్మకం తక్కువ.

కాంతిని రంగులుగా విడదీసి చూపే చేతి స్పెక్ట్రోస్కోప్ ఉన్నవాళ్లకి పచ్చ జేడైట్‌లో ఇంకో దారి ఉంది. క్రోమియం పచ్చ అయితే ఎరుపు భాగంలో సుమారు 630, 655, 690 నానోమీటర్ల దగ్గర మూడు నల్లగీతలు విడివిడిగా కనిపిస్తాయి. రంగు వేసినదాంట్లో చాలావరకు 630 నుంచి 670 మధ్య ఒకే వెడల్పాటి పట్టీ ఉంటుంది. పాలిపోయిన రాయిలో ఏదీ సరిగా కనిపించదు.

కొందరు దూదికి అసిటోన్ అద్ది తుడిచి, రంగు అంటకపోతే నిజమేనంటారు. ఇది తిరకాసు పరీక్ష. రంగు వేశాక దానిమీద ప్లాస్టిక్ నింపితే రంగు లోపలే బందీ అయిపోతుంది, దూది తెల్లగానే వస్తుంది. పైగా అసిటోన్ మైనాన్ని, ప్లాస్టిక్‌ను చెడగొడుతుంది. దూదికి రంగు అంటితే మోసం పట్టుబడినట్టే, అంటకపోతే ఏ నిజమూ తేలినట్టు కాదు.

నాలుగో మెట్టు: మెరిసే పైభాగం

ఇప్పుడు మూడో ప్రశ్న. ముందు లోపల ప్లాస్టిక్ ఎలా చేరుతుందో చూద్దాం, ఆనవాళ్లు అక్కడినుంచే వస్తాయి. జేడైట్ గింజల సందుల్లో తుప్పులాంటి గోధుమ మరకలు ఉంటాయి. దాన్ని చాలా రోజులు, ఒక్కోసారి వారాలు, గట్టి యాసిడ్‌లో ఉంచుతారు. మరక కరిగిపోతుంది, రాయి తెల్లబడుతుంది, కానీ సందులు ఖాళీ అయి పెళుసెక్కుతుంది. ఆ ఖాళీల్లోకి గాలి తీసేసి ఎపాక్సీ లాంటి పాలిమర్ ఎక్కించి, గట్టిపడ్డాక పాలిష్ చేస్తారు. వ్యాపారంలో దీన్ని బీ జేడ్ అంటారు. రంగు వేసినది సీ. రెండూ చేసినది బీ ప్లస్ సీ. ఇవేవీ చేయకుండా చివర్లో పైపైన మైనం పూసిందే ఏ. ఏ అంటే నాణ్యతలో మొదటి రకమని చాలామంది పొరబడతారు. ఏ అంటే ముట్టుకోనిదని మాత్రమే. ఏ జేడ్‌లో మురికి బూడిదరంగు ముక్కలు కుప్పలుగా ఉంటాయి.

ఇప్పుడు టార్చిని వెనకనుంచి తీసి పైనుంచి ఏటవాలుగా వేయండి. టార్చి వెలుగు రాయి మీద ఎక్కడ తెల్లగా మెరుస్తుందో, ఆ మెరుపు అంచును లూప్‌లో పట్టుకోండి. రాయి మధ్యలో చూస్తే ఏమీ కనిపించదు, మెరుపు నీడలోకి దిగే ఆ సన్న గీత దగ్గరే ఎత్తుపల్లాలు తేలతాయి.

ముట్టుకోని జేడైట్‌లో కమలాపండు తొక్కలాంటి చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఉండొచ్చు. పక్కపక్క గింజలు పాలిష్‌కి ఒకేలా అరగవు కాబట్టి అలా వస్తుంది. ఆ పల్లాల అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. యాసిడ్ తిన్నదాంట్లో అలా కాదు. ఎండిన చెరువులో నెర్రెలు విచ్చినట్టు, గింజ చుట్టూ సన్నని గాడి, ఆ గాడి పక్క గింజ గాడితో కలుస్తుంది. ప్లాస్టిక్ రాయి కన్నా మెత్తన కాబట్టి పాలిష్‌లో అది ముందు అరిగిపోయి గాడి మిగులుతుంది. మన కడియంలో పైవైపు ఈ నెర్రెలు అంతంతమాత్రమే, వెతికితే కనిపించాయి. లోపలి వైపు మాత్రం ఒక గోటి వెడల్పులో ఇరవై దాకా లెక్కపెట్టగలిగాను.

ఇక్కడ తప్పులు రెండువైపులా జరుగుతాయి. కొత్తగా, జాగ్రత్తగా పాలిష్ చేసిన బీ జేడ్ అద్దంలా ఉంటుంది. పెద్ద గింజల ఏ జేడ్‌కి పాలిష్ సరిగా లేకపోతే దానిమీదా గాళ్లు కనిపిస్తాయి. నెర్రెలు ఒకదానితో ఒకటి కలిసి వలలా ఉన్నాయా, విడివిడి గుంటలా అన్నదే చూడండి.

కడియాన్ని దారానికి వేలాడదీసి నాణెంతో మెల్లగా తడితే ఏ జేడ్ గంటలా మోగుతుందని, బీ జేడ్ మొద్దుగా పలుకుతుందని చెప్పేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. మన కడియం మొద్దుగానే పలికింది. కానీ పగులున్న ఏ జేడ్ కూడా అలాగే పలుకుతుంది. మనదాంట్లో పగులు ఉందని ముందే చూశాం, కాబట్టి ఈ చప్పుడును లెక్కలోకి తీసుకోలేదు.

ఐదో మెట్టు: యూవీ టార్చి

చీకటి గదిలో కడియం పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి యూవీ వేయండి. కాగితం నీలంగా వెలుగుతుంది. అది మీకు కొలబద్ద. ఏ జేడ్ చాలావరకు వెలగదు, నల్లగా, చల్లగా ఉంటుంది. తెల్లటి, లేత రంగు ముక్కలు, మైనం పూసినవి కొంచెం వెలగొచ్చు. ప్లాస్టిక్ నింపినవాటిలో చాలావాటికి సుద్ద కలిపిన నీళ్లలా నీలి తెలుపు వెలుగు వస్తుంది, లోపలినుంచి వస్తున్నట్టు, రాయంతా పరుచుకుని. మన కడియం కాగితమంత కాదుగానీ అందులో సగం వెలిగింది. ముదురు పచ్చ చారల దగ్గర మాత్రం వెలుగు ఆగిపోయింది, అక్కడ రంగు దాన్ని మింగేస్తుంది.

వెలగలేదని నిశ్చింతగా ఉండకండి. వెలగని పాలిమర్లు కూడా వాడుతున్నారు. వెలిగితే మాత్రం పైపైన పూసిన మైనమా, లోపలిదా అన్నది చూడండి. మైనం గీతల్లో, చెక్కడం గుంటల్లో నిలిచి అక్కడే వెలుగుతుంది. దారం కట్టి ఉంటే విప్పేయండి. తెల్లదారం వెలుగు రాయిమీద పడి కళ్లను మోసం చేస్తుంది.

ఇంతవరకూ చేసినవి ఏవీ రాయికి హాని చేయవు. అసిటోన్ కాక హాని చేసేవి ఇంకో రెండు, చేయొద్దు. ఒకటి కాల్చిన సూది. ప్లాస్టిక్ కరిగి వాసన వస్తుందని చెప్తారు, నిజమే, కానీ పైనున్న మైనం కూడా కరుగుతుంది, మచ్చ మాత్రం మీకు మిగులుతుంది. రెండోది గాజు మీద గీయడం. జేడైట్, నెఫ్రైట్ రెండూ గాజును గీస్తాయి, క్వార్ట్జ్ కూడా గీస్తుంది. కాబట్టి గీసినా ఏమీ తేలదు, అంచు విరిగితే విరిగినట్టే.

ఆరో మెట్టు: ల్యాబ్

మన కడియం దగ్గర ఇప్పుడున్నవి: నెఫ్రైట్ కాదు, జేడైట్ అంచనా, రంగు ఈనెల్లో ఉంది, నెర్రెల వల ఉంది, సుద్ద వెలుగు ఉంది. నా నోట్‌బుక్‌లో 'బీ ప్లస్ సీ అనుమానం' అని రాసుకున్నాను. రంగు గురించి అనుమానం దాదాపు లేదు. ప్లాస్టిక్ గురించి మాత్రం ఇంట్లో చేసిన ఏ పరీక్షా చివరి మాట కాదు. పైకి ఒక్క ఆనవాలూ లేకుండా నింపిన ముక్కలు ఉంటాయి.

చివరి మాట చెప్పేది ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ, వాడుకలో ఎఫ్‌టీఐఆర్. రాయిలోంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపితే పాలిమర్‌లోని కార్బన్, హైడ్రోజన్ బంధాలు ఆ కాంతిలో కొంత పీల్చుకుంటాయి. గ్రాఫ్‌లో 2800 నుంచి 3000 మధ్య గుంటలు పడతాయి. ఈ కొలతను ఒక సెంటీమీటర్‌కి ఎన్ని తరంగాలన్న లెక్కలో రాస్తారు. చిక్కేమిటంటే మైనం కూడా అక్కడే పీల్చుకుంటుంది. అందుకే ల్యాబ్‌వాళ్లు ఇంకాస్త పక్కన, 3030 నుంచి 3060 దగ్గర చూస్తారు. ఎపాక్సీలో ఉండే బెంజీన్ వలయాలు అక్కడ విడిగా గుర్తు పెడతాయి, మైనంలో అవి ఉండవు. మన కడియం గ్రాఫ్‌లో ఆ రెండూ ఉన్నాయి. కాంతి దాటాలి కాబట్టి మరీ మందంగా ఉన్న ముక్కకి ఈ పరీక్ష కష్టమవుతుంది, కడియానికి సన్నగా ఉన్న చోటు వెతుక్కుంటారు.

రిపోర్టు చేతికొచ్చాక 'సహజ జేడైట్' అన్న ఒక్క వరుస చదివి ఆపేయకండి. రాయి పేరు వేరు, ట్రీట్‌మెంట్ గురించిన వరుస వేరు. ప్లాస్టిక్ నింపిన కడియాన్ని కూడా రాయి పేరు దగ్గర జేడైట్ అనే రాస్తారు, అది తప్పు కాదు. ట్రీట్‌మెంట్ అన్న చోట ఇంప్రెగ్నేటెడ్, పాలిమర్, డైడ్ అనే మాటలు ఉన్నాయా, అసలు ఆ వరుసే లేకుండా వదిలేశారా చూడండి. ఆ వరుస లేని కాగితం మొదటి ప్రశ్నకే జవాబిచ్చినట్టు లెక్క. తర్వాత రిపోర్టులో ఉన్న బరువు, కొలతలు తీసుకుని మీ తూకం మళ్లీ బయటికి తీయండి. 52.40 అని రాసి ఉండి మీ కడియం 49 తూగితే, ఫోటో ఎంత దగ్గరగా కనిపించినా ఆ కాగితం మీ కడియానిది కాదు.